‘బ్యాకప్ పాడైంది’ అని వాట్సాప్ రీస్టోర్ ఆగిపోతే: మళ్ళీ అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందు ఇవి చేయండి

ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. కొత్త ఫోన్ కొన్నారు, వాట్సాప్ వేశారు, ఓటీపీ వచ్చింది, రీస్టోర్ నొక్కారు, కాసేపు తిరిగి తిరిగి బ్యాకప్ పాడైంది, చాట్లు తేవడం కుదరలేదు అని చెప్పి ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి? అడిగేవాళ్ళలో ఎక్కువమంది నా దగ్గరికి వచ్చేసరికే యాప్‌ని మూడు నాలుగుసార్లు తీసేసి మళ్ళీ వేసేసి ఉంటారు. అసలు నష్టం చాలాసార్లు అక్కడే జరుగుతుంది. మొదటిసారి ఎర్రర్ వచ్చినప్పుడు కాపాడగలిగిన చాట్లు నాలుగోసారికి చేయి దాటిపోతాయి.

అందుకే ఇది రాస్తున్నాను. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లకు, అందులోనూ ఫోన్‌లో ఉండే లోకల్ బ్యాకప్ గురించి. గూగుల్ డ్రైవ్‌లో మాత్రమే బ్యాకప్ ఉన్నవాళ్ళ కోసం చివర్లో విడిగా రాశాను. ఐఫోన్ పద్ధతి పూర్తిగా వేరు కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

మధ్యలో మా పిన్ని ఫోన్ సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ఈ సమస్యలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే ఎదురయ్యాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బ్యాకప్ తీసినప్పుడు వాట్సాప్‌లో ఉన్న అదే ఫోన్ నంబరు, దానికి ఓటీపీ వచ్చే సిమ్
- ఒక కంప్యూటర్, డేటా వెళ్ళే యూఎస్‌బీ కేబుల్ (కొన్ని కేబుళ్ళు చార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, ఫోన్ కంప్యూటర్‌లో కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి)
- ఫోన్‌లో ఒక ఫైల్ మేనేజర్
- పాత ఫోన్, ఇంకా మీ దగ్గరే ఉంటే
- ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసుకుని ఉంటే దాని పాస్‌వర్డ్, లేదా అప్పట్లో రాసిపెట్టుకున్న 64 అక్షరాల కీ

ఒక గంట తీరిక కూడా ఉండాలి. ఆఫీసుకి బయల్దేరుతూ చేసే పని కాదు.

ముందుగా ఒక్క విషయం తెలుసుకోండి

వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటల ప్రాంతంలో మీ చాట్లన్నిటినీ ఒకే ఫైల్‌గా కట్టి ఫోన్‌లో దాచుకుంటుంది. ఆ ఫైల్ ఇక్కడ ఉంటుంది:

```
Android/media/com.whatsapp/WhatsApp/Databases
```

బాగా పాత ఫోన్లలో నేరుగా `WhatsApp/Databases` అని ఉండొచ్చు. వాట్సాప్ బిజినెస్ వాడేవాళ్ళకు `com.whatsapp` బదులు `com.whatsapp.w4b` అని, దాని లోపల `WhatsApp` బదులు `WhatsApp Business` అని ఉంటుంది. లోపల దాదాపు ఇలాంటి ఫైళ్ళు కనిపిస్తాయి:

```
msgstore-2025-03-08.1.db.crypt14
msgstore-2025-03-09.1.db.crypt14
msgstore.db.crypt14
```

తేదీ లేని చివరిది అన్నిటికన్నా తాజాది. తేదీలు ఉన్నవి అంతకు ముందు రోజులవి. దాదాపు ఏడు రోజులవి మాత్రమే ఉంటాయి, అంతకన్నా పాతవాటిని యాప్ తనే తీసేస్తుంది. రీస్టోర్ నొక్కినప్పుడు యాప్ ముందుగా వెతికేది ఆ తేదీ లేని ఫైల్‌నే. కాబట్టి పాడైందని యాప్ అంటే ఆ ఒక్క ఫైల్ తనకు తెరుచుకోలేదని అర్థం. పక్కనే ఉన్న మిగతా ఫైళ్ళు నిక్షేపంగా ఉండి ఉండొచ్చు. ఈ పద్ధతంతా ఆ ఆశ మీదే నడుస్తుంది.

1. ఎక్కడున్నారో అక్కడే ఆగండి

ఎర్రర్ స్క్రీన్ మీద స్కిప్ నొక్కకండి. అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. మళ్ళీ ఓటీపీ అడగకండి. వెంటవెంటనే ఓటీపీలు అడుగుతూ పోతే వాట్సాప్ ఎదురుచూడాల్సిన సమయాన్ని పెంచుకుంటూ పోతుంది, మొదట నిమిషాలు, తర్వాత గంటలు. మా పిన్నికి నాలుగో ప్రయత్నం తర్వాత ఓటీపీ కోసం మర్నాటి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రాత్రంతా ఆవిడకు టెన్షన్.

అన్‌ఇన్‌స్టాల్ ఎందుకు వద్దంటున్నానో కూడా వినండి. పైన చెప్పిన `Android/media/com.whatsapp` ఆ యాప్‌కి సొంతమైన ఫోల్డర్. యాప్‌ని తీసేసినప్పుడు ఆ ఫోల్డర్‌ని కూడా ఊడ్చేసే ఫోన్లు ఉన్నాయి. కొన్ని ఫోన్లు తీసేసే ముందు యాప్ డేటా ఉంచమంటారా అని అడుగుతాయి, కొన్ని అడగవు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్లియర్ డేటా నొక్కినా ఇదే ప్రమాదం. అంటే బ్యాకప్ సరిగ్గా తెరుచుకోలేదని యాప్‌ని తీసేస్తే, ఆ బ్యాకప్ కూడా దానితోపాటే పోవచ్చు.

ఇప్పటికే స్కిప్ నొక్కేసి ఖాళీ వాట్సాప్‌లోకి వెళ్ళిపోయారా? కంగారు పడకండి, కానీ ఒక పని ఇప్పుడే చేయండి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచి గూగుల్ అకౌంట్‌కి ఆటోమేటిక్‌గా వెళ్ళే బ్యాకప్‌ని ఆపేయండి. లేకపోతే ఈ రాత్రికే మీ ఖాళీ చాట్లు డ్రైవ్‌లో ఉన్న పాత బ్యాకప్ మీద ఎక్కి కూర్చుంటాయి. ఫోన్‌లోని లోకల్ బ్యాకప్‌ని మాత్రం ఆపడానికి బటన్ లేదు, కాబట్టి వెంటనే రెండో మెట్టుకి రండి.

2. ఫోల్డర్ మొత్తాన్ని బయటికి తీసి దాచండి

ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపండి. ఫోన్‌లో వచ్చే నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. పైన చెప్పిన చోటికి వెళ్ళి `com.whatsapp` ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. కట్ చేయొద్దు, కాపీ. ఫొటోలు, వీడియోలు ఎక్కువగా ఉంటే చాలాసేపు పడుతుంది. మరీ ఎక్కువైతే `Databases`, `Backups` ఫోల్డర్లు రెండూ ముందు తీసుకుని, `Media` తర్వాత తీసుకోండి. తీసుకోవడం మాత్రం మానకండి, దాని అవసరం చివర్లో వస్తుంది.

`Databases`లో `msgstore-increment` అని మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్ళు కనిపించొచ్చు. అవి చెత్త కాదు, తాజా ఫైల్‌కి అదనంగా చేరిన ముక్కలు. వాటిని కూడా ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయండి, పేర్లు మార్చకండి.

కంప్యూటర్ లేదంటే ఫైల్ మేనేజర్‌తో ఫోన్‌లోనే `Download` ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఇది రెండో రకం రక్షణే గానీ అసలు లేకపోవడం కన్నా నయం, యాప్ తీసేసినా `Download` జోలికి సిస్టమ్ పోదు.

ఒక హెచ్చరిక. ఈ ఫైళ్ళను మీకు మీరే వాట్సాప్‌లో పంపుకోవడం, టెలిగ్రామ్‌లో దాచుకోవడం చేయకండి. పంపినవి మళ్ళీ దించుకున్నప్పుడు పేర్లు మారతాయి, మధ్యలో నెట్ పోతే సగమే దిగుతాయి, తర్వాత ఏది అసలుదో తెలియదు.

3. పాత ఫోన్ ఇంకా ఉందా?

ఉంటే మీ పని సగం తేలికైనట్టే. కొత్త ఫోన్‌లో ఓటీపీ కొట్టగానే పాత ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అవుతుంది కాబట్టి అందులో చాట్లు పోయాయని చాలామంది అనుకుంటారు. పోవు. అందులో యాప్‌ని తీసేయనంతవరకు, డేటా క్లియర్ చేయనంతవరకు చాట్లు అక్కడే ఉంటాయి. సిమ్‌ని పాత ఫోన్‌లో వేసి అదే నంబరుతో మళ్ళీ లాగిన్ అవ్వండి, చాట్లు కనిపిస్తాయి. ఇక పాడైన ఫైల్‌తో తంటాలు పడాల్సిన పని లేదు.

అక్కడ రెండు దారులున్నాయి. చాట్ బ్యాకప్‌లోకి వెళ్ళి బ్యాకప్ నొక్కి కొత్తది తీసుకోవచ్చు. లేదా సెట్టింగ్స్‌లో చాట్స్ కింద ఉండే ట్రాన్స్‌ఫర్ చాట్స్ వాడొచ్చు. అందులో ఒక ఫోన్ క్యూఆర్ కోడ్‌ని ఇంకో ఫోన్ స్కాన్ చేస్తే చాట్లు నేరుగా వెళ్ళిపోతాయి, మధ్యలో ఫైలూ లేదు, డ్రైవూ లేదు. రెండు ఫోన్లలో వైఫై ఆన్ చేసి, రెండూ పక్కపక్కన పెట్టి, అయిపోయేదాకా స్క్రీన్ ఆరిపోకుండా చూసుకోండి. పాత ఫోన్ చేతిలో ఉంటే నేను ముందు సలహా ఇచ్చేది దీన్నే.

అందుకే చెప్తున్నాను, కొత్త ఫోన్‌లో చాట్లు కళ్ళారా చూసుకునేదాకా పాత ఫోన్‌ని ఎక్స్‌చేంజ్‌కి ఇవ్వకండి. మా పిన్ని తెనాలిలో షాపులోనే పాత ఫోన్ ఇచ్చేసి, దాంట్లో ఉన్న వాట్సాప్ ఫోల్డర్‌ని మెమరీ కార్డులోకి ఎక్కించుకుని ఇంటికొచ్చింది. ఆ కార్డు తప్ప చేతిలో ఇంకేమీ లేదు.

4. ఫైల్‌ని అనుమానించే ముందు ఇవి చూడండి

పాడైందన్న మాట వచ్చిన ప్రతిసారీ ఫైల్ నిజంగా పాడైందని కాదు. వేరే కారణంతో తెరుచుకోకపోయినా చాలాసార్లు మనకు కనిపించేది అదే రకం మెసేజ్.

నంబరు: ఫైల్‌కి ఉన్న తాళం మీ నంబరుతో ముడిపడి ఉంటుంది. `crypt14` ఫైల్‌ని తెరిచే కీ, మీరు ఓటీపీతో నంబరు నిరూపించుకున్నాక వాట్సాప్ సర్వర్ నుంచి వస్తుంది. మధ్యలో నంబరు మార్చి ఉంటే పాత నంబరు బ్యాకప్ కొత్త నంబరుకి తెరుచుకోదు. రెండు సిమ్‌లు ఉన్నవాళ్ళు తొందరలో రెండో నంబరు కొట్టేయడం నేను చాలాసార్లు చూశాను.

ఖాళీ జాగా: తాళం వేసి, కుదించి పెట్టిన ఫైల్‌ని ఫోన్ విప్పాలి. ఫైల్ 300 ఎంబీ ఉంటే విప్పాక అంతకన్నా చాలా పెద్దది అవుతుంది. కనీసం రెండు మూడు జీబీ ఖాళీ ఉంచండి. ఫొటోలు కూడా డ్రైవ్ నుంచి రావాల్సి ఉంటే ఆ సైజు కూడా కలుపుకోండి.

యాప్ వెర్షన్: ప్లే స్టోర్‌లోకి వెళ్ళి అప్‌డేట్ ఉందేమో చూడండి. కొత్త వెర్షన్ తీసిన బ్యాకప్‌ని పాత వెర్షన్ చదవలేకపోవచ్చు. ఎవరో పంపిన ఏపీకే ఫైల్‌తో వేసుకున్న వాట్సాప్‌లో ఇది మామూలే. జీబీ వాట్సాప్ లాంటి అనధికార యాప్‌లో తీసిన బ్యాకప్‌ని అసలు వాట్సాప్ తీసుకుంటుందన్న నమ్మకం పెట్టుకోకండి.

తేదీ, సమయం: ఫోన్‌లో ఆటోమేటిక్ మీద పెట్టండి. సమయం తప్పుగా ఉంటే సర్వర్‌తో కనెక్షనే కుదరదు, కీ రాదు.

పాస్‌వర్డ్: ఫైల్ పేరు చివర `crypt15` ఉంటే సాధారణంగా మీరు ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసుకున్నట్టు. దానికి పాస్‌వర్డ్ గానీ 64 అక్షరాల కీ గానీ కావాలి. గుర్తు లేకపోతే ఊహించుకుంటూ వరసగా కొట్టకండి, తప్పు ప్రయత్నాలకు పరిమితి ఉంటుంది. మర్చిపోతే వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరు.

5. ఫైల్ పేరు అక్షరం అక్షరం చూడండి

పావుగంటలో తేలిపోయే కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి. పేరు కచ్చితంగా ఇలా ఉండాలి:

```
msgstore.db.crypt14
```

డ్రైవ్ నుంచో మెయిల్ నుంచో దించుకున్న ఫైల్‌కి `msgstore.db (1).crypt14` అని మధ్యలో అంకె చేరి ఉంటుంది. ఆ స్పేస్, బ్రాకెట్లు తీసేయండి. కొన్ని ఫైల్ మేనేజర్లు చివర `.bin` లేదా `.txt` తగిలిస్తాయి. విండోస్‌లో అయితే ఎక్స్‌టెన్షన్లు దాచి చూపించే అలవాటు ఉంది కాబట్టి, ముందు వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి అప్పుడు చూడండి.

ఇక్కడే పెద్ద పొరపాటు ఒకటి జరుగుతుంది. ఎక్కడో చదివి `crypt12`ని `crypt14`గానో, `crypt14`ని `crypt15`గానో మారుస్తారు. ఆ అంకె తాళం ఏ రకమో చెప్పే గుర్తు. పేరు మారిస్తే తాళం మారదు, యాప్ తప్పుడు పద్ధతిలో తెరవబోయి పాడైందని చెప్తుంది. మీరే ముందెప్పుడో మార్చి ఉంటే మొదట ఏ అంకె ఉందో గుర్తు తెచ్చుకుని దాన్నే పెట్టండి. పక్కనున్న తేదీల ఫైళ్ళకి ఏ అంకె ఉందో చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది.

6. ఫైల్ నిజంగా బాగుందా? కంప్యూటర్‌లో పరీక్షించండి

పేరు సరిగ్గానే ఉందంటే ఇప్పుడు ఫైల్‌నే అనుమానించాలి. మొదటి పరీక్ష సైజు. తేదీల వారీగా ఫైళ్ళ సైజులు పక్కపక్కన చూడండి. రోజుకి కొద్ది కొద్దిగా పెరుగుతూ ఉండాలి. 210, 211, 211 అని వస్తూ తాజాది ఒక్కసారి 64 ఎంబీ ఉందంటే అది సగంలో తెగిపోయింది. సున్నా ఉంటే చెప్పేదేముంది.

కానీ సైజు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఫైల్ బాగున్నట్టు కాదు. మా పిన్ని ఫైళ్ళు చూసినప్పుడు నేనూ ఇక్కడే ఒక గంట పోగొట్టుకున్నాను. తాజా ఫైల్ 212 ఎంబీ, ముందురోజుది కూడా దాదాపు అంతే, అంతా బాగానే ఉంది, మరి రీస్టోర్ ఎందుకు కాదు?

అప్పుడు పనికొచ్చింది రెండో పరీక్ష, ఇది చాలా తేలిక. ఫైల్‌ని జిప్ చేసి చూడండి. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి జిప్ ఫైల్‌గా కుదించమంటే చాలు. వాట్సాప్ ఈ ఫైల్‌ని ముందే కుదించి, ఆ తర్వాత తాళం వేస్తుంది. అలాంటి ఫైల్‌ని ఇంకోసారి కుదించడానికి ఏమీ మిగలదు, అందుకే బాగున్న ఫైల్ జిప్ చేశాక కూడా దాదాపు అదే సైజు ఉంటుంది. బాగా తగ్గిందంటే లోపల కొంత భాగం ఉత్త సున్నాలతో నిండి ఉందని అర్థం. అంటే ఫైల్‌కి చోటు కేటాయించారు గానీ అందులో రాయాల్సింది రాయలేదు.

పిన్ని తాజా ఫైల్ 212 ఎంబీది జిప్ చేస్తే 131 అయింది. ఒకేసారి 81 ఎంబీ మాయం. ముందురోజు తేదీ ఫైల్‌ని జిప్ చేశాను, అది కూడా 190కి పడిపోయింది. అంతకు ముందురోజుది చేశాను, 211 ఉన్నది 211 దగ్గరే ఆగింది. అదీ మనకి కావలసింది.

ఎలా జరిగిందని ఆవిణ్ణి అడిగితే తెలిసింది. షాపతను తొందరపెడుతుంటే కాపీ అయిపోయిందనుకుని కార్డు లాగేసింది. కాపీ అయ్యేటప్పుడు ఫైళ్ళు పేరు వరసలో వెళ్ళాయి, తేదీలున్నవి ముందు, తేదీ లేని తాజాది చివర. అందుకే చివరి రెండే దెబ్బతిన్నాయి. కార్డుని లాగేసే ముందు సెట్టింగ్స్‌లో ఎజెక్ట్ నొక్కాలి, స్క్రీన్ మీద వంద శాతం కనిపించినా సరే.

మూడో పరీక్ష, అసలు ఫైల్ ఇంకో చోట ఉన్నప్పుడు మాత్రమే. ఉదాహరణకి పాత ఫోన్ నుంచి కంప్యూటర్‌కి, కంప్యూటర్ నుంచి కొత్త ఫోన్‌కి వెళ్ళిన ఫైల్. కంప్యూటర్‌లో ఆ ఫైలున్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
certutil -hashfile msgstore.db.crypt14 SHA256
```

ఒక పొడుగాటి వరస వస్తుంది. కొత్త ఫోన్‌లోకి వెళ్ళిన ఫైల్‌ని మళ్ళీ కంప్యూటర్‌లో వేరే ఫోల్డర్‌లోకి తెచ్చుకుని అదే కమాండ్ కొట్టండి. రెండు వరసలూ ఒకటే అయితే దారిలో ఏమీ చెడలేదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా కాపీ మళ్ళీ చేయాలి, కేబుల్ మార్చి, వీలైతే మెమరీ కార్డు కాకుండా ఫోన్ సొంత మెమరీలోకి.

7. పాత తేదీ ఫైల్‌ని ముందుకు తేవడం

తాజాది పాడైందని తేలితే, జిప్ పరీక్షలో నెగ్గినవాటిలో అన్నిటికన్నా కొత్త తేదీది ఎంచుకోండి. కంప్యూటర్‌లో దాచిన అసలు ఫోల్డర్‌ని ముట్టుకోకుండా, దానికి ఇంకో నకలు తీసి దానిమీద పనిచేయండి.

ఆ నకల్లో పాడైన `msgstore.db.crypt14` పేరుని `paata-msgstore.db.crypt14` అని మార్చి పక్కన పెట్టండి. `msgstore-increment` ఫైళ్ళుంటే వాటినీ ఈ నకల్లోంచి వేరే చోటికి జరపండి, అవి మీరు ఎంచుకున్న రోజుకి సంబంధించినవి కాకపోవచ్చు. ఇప్పుడు ఎంచుకున్న ఫైల్ పేరులోంచి తేదీని, ఆ తర్వాతి `.1`ని తీసేయండి:

```
msgstore-2025-03-08.1.db.crypt14
msgstore.db.crypt14
```

పైది ఉన్న పేరు, కిందిది ఉండాల్సిన పేరు. గీత, తేదీ, చుక్క, ఒకటి, ఇవి నాలుగూ పోవాలి. ఇంకేదీ మారకూడదు. చాలామంది తేదీ తీసేసి `.1` వదిలేస్తారు, అప్పుడు యాప్‌కి బ్యాకప్ ఉన్నట్టే తెలియదు.

పాత తేదీ ఎంచుకుంటే ఆ రోజు తర్వాత వచ్చిన మెసేజ్‌లు ఇందులో ఉండవు. పిన్నికి రెండు రోజులవి పోయాయి. అవి కావాలనుకుంటే అవతలివాళ్ళ ఫోన్‌లో ఆ చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ చాట్ చేయించి తెప్పించుకోవచ్చు, కాకపోతే అది చదువుకోవడానికి పనికొచ్చే టెక్స్ట్ ఫైల్ మాత్రమే, మీ వాట్సాప్‌లోకి ఎక్కదు.

8. ఇప్పుడు, ఒక్కసారి, పద్ధతిగా ఇన్‌స్టాల్

ఇక్కడి దాకా వచ్చాక యాప్‌ని తీసేయొచ్చు, ఎందుకంటే ఫోల్డర్ బయట భద్రంగా ఉంది. తీసేసి, ప్లే స్టోర్ నుంచి మళ్ళీ వేయండి. వేశాక వెంటనే తెరవకండి.

ఫైల్ మేనేజర్‌లోగానీ కంప్యూటర్ నుంచిగానీ `Android/media` లోకి వెళ్ళి `com.whatsapp` ఉందేమో చూడండి. లేకపోతే `com.whatsapp`, దాని లోపల `WhatsApp`, దాని లోపల `Databases` అని మీరే తయారు చేయండి, పెద్దక్షరాలు చిన్నక్షరాలు ఇక్కడ రాసినట్టే. ఫోన్ ఫోల్డర్ చేయనివ్వకపోతే యాప్‌ని ఒకసారి తెరిచి, మొదటి షరతుల పేజీ కనిపించగానే మూసేసి మళ్ళీ చూడండి. మీరు సిద్ధం చేసిన `msgstore.db.crypt14`ని `Databases`లో పెట్టండి. `Media`, `Backups` ఫోల్డర్లను కూడా వాటి పాత చోట్లలో పెట్టండి.

అప్పుడు వాట్సాప్ తెరిచి నంబరు ఇవ్వండి. అనుమతులు అడిగితే ఇవ్వండి. గూగుల్ అకౌంట్ ఎంచుకోమని అడిగితే ఈసారికి వద్దనండి, లేకపోతే డ్రైవ్‌లో ఉన్నదాన్ని తేవడానికి వెళ్తుంది, అది ఈమధ్య ఖాళీ చాట్లతో తీసిందైతే మళ్ళీ మొదటికొస్తుంది. లోకల్ బ్యాకప్ దొరికిందని తేదీ, సైజు చూపిస్తుంది. రీస్టోర్ నొక్కే ముందు ఆ రెండూ చదవండి. సైజు మీ ఫైల్ సైజుకి దగ్గరగా ఉంటే నొక్కండి. చార్జర్ పెట్టి ఉంచండి, స్క్రీన్ వదిలి వేరే యాప్‌లోకి వెళ్ళకండి.

బ్యాకప్ దొరకలేదంటే పేరో ఫోల్డరో తప్పు, అయిదో మెట్టు మళ్ళీ చూడండి. దొరికింది గానీ పాడైందంటే ఆ తేదీ ఫైల్ కూడా పోయినట్టే, ఇంకా ముందు తేదీది తీసుకుని ఏడో మెట్టు నుంచి మొదలుపెట్టండి. రెండు ప్రయత్నాల మధ్య కాసేపు ఆగండి, ఓటీపీ సంగతి గుర్తుంది కదా.

9. అన్నీ వచ్చాయా, చూసుకోండి

చాట్ల పేర్లు కనిపించగానే సంబరపడిపోయి వదిలేయకండి. మూడు నాలుగు చాట్లు తెరిచి బాగా పైకి వెళ్ళండి, అన్నిటికన్నా పాత మెసేజ్ ఏ తేదీదో చూడండి. మీరు ఎప్పుడూ వెతికే ఒక మాట, ఏ బ్యాంకు పేరో, పెళ్ళి పేరో, సెర్చ్‌లో కొట్టి పాత ఫలితాలు వస్తున్నాయేమో చూడండి. అయిదారు ఏళ్ళ చాట్లున్న ఫోన్‌లో గత వారంవి మాత్రమే వస్తే మీరు తెచ్చింది వేరే ఫైల్, స్కిప్ నొక్కాక యాప్ కొత్తగా తీసినది.

ఫొటోలు మసకగా, మధ్యలో డౌన్‌లోడ్ బాణంతో కనిపిస్తే చాట్ ఫైల్ తప్పు కాదు. చాట్ ఫైల్‌లో మాటలు మాత్రమే ఉంటాయి, ఫొటోలు `Media` ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. దాన్ని వాటి చోట పెట్టి యాప్‌ని ఒకసారి మూసి తెరిస్తే సరిపోతుంది. బాణం నొక్కి చూసి పాత ఫొటో ఇక దొరకదని వచ్చినా భయపడొద్దు, ముందు ఫోల్డర్ పెట్టి చూడండి.

బ్యాకప్ డ్రైవ్‌లో మాత్రమే ఉంటే

ఇక్కడ మన చేతిలో ఉండేది తక్కువ. ఆ ఫైల్‌ని దించుకుని చూసే వీలు లేదు, పాత తేదీలూ ఉండవు, కొత్తది వస్తే పాతది పోతుంది. గూగుల్ డ్రైవ్ యాప్‌లో మెనూ తెరిచి బ్యాకప్స్‌లోకి వెళ్ళండి. మీ నంబరు పేరుతో వాట్సాప్ బ్యాకప్, దాని తేదీ కనిపించాలి. అక్కడే లేదంటే మీరు చూస్తున్నది వేరే గూగుల్ అకౌంట్, ఫోన్‌లో ఉన్న అకౌంట్లు ఒక్కొక్కటీ చూడండి. అయిదు నెలలు దాటి అప్‌డేట్ కాని బ్యాకప్‌ని గూగుల్ తీసేసే అవకాశం కూడా ఉంది.

కనిపిస్తే, మొబైల్ డేటా కాకుండా నిలకడగా ఉన్న వైఫై మీద, వీపీఎన్ ఆపేసి, ప్లే స్టోర్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్‌ని అప్‌డేట్ చేసి, అదే ఎర్రర్ స్క్రీన్ మీద మళ్ళీ ప్రయత్నించే బటన్ నొక్కండి. యాప్‌ని తీసేయాల్సిన పని లేదు. ఒక వైఫైలో పదే పదే ఒకే శాతం దగ్గర ఆగుతుంటే ఇంకో వైఫైకి మారండి, పక్కింటివాళ్ళదైనా సరే. ఇవన్నీ చేసినా కాకపోతే, ఫోన్‌లో లోకల్ ఫైల్ ఏదైనా మిగిలిందేమో రెండో మెట్టు ప్రకారం ఒకసారి చూడండి, డ్రైవ్ ఆన్ చేసి ఉన్నా ఫోన్‌లో కూడా రోజూ ఒకటి తీస్తూనే ఉంటుంది.

పాడైన `crypt` ఫైల్‌ని బాగుచేస్తామని డబ్బులు అడిగే సాఫ్ట్‌వేర్లు, మీ ఫైల్ పంపమనే మనుషులు తగులుతారు. సున్నాలు నిండిన చోట ఉండాల్సిన మెసేజ్‌లను ఎవరూ తెచ్చివ్వలేరు, వాళ్ళ చేతికి మీ చాట్లు, కొన్నిసార్లు మీ ఓటీపీ వెళ్తాయి, అంతే. ఓటీపీ అడిగారంటే అక్కడితో మాట ఆపేయండి.

రీస్టోర్ అయ్యాక కూడా కంప్యూటర్‌లో దాచిన ఫోల్డర్‌ని ఒక నెల రోజులు ఉంచండి. ఏదో పాత గ్రూపు ఫొటో కనిపించలేదని రెండు వారాల తర్వాత గుర్తొస్తుంది. మా పిన్నికి అలాగే గుర్తొచ్చింది, తాతయ్య వాయిస్ మెసేజ్‌లు ప్లే కావడం లేదని ఫోన్ చేసింది. `Media` లోపల `WhatsApp Voice Notes` ఫోల్డర్ ఒక్కటి కాపీ కాకుండా మిగిలిపోయింది, కార్డులోంచి తీసి పెట్టాక అన్నీ వినిపించాయి.